హెపటైటిస్-బి టీకా ఒకటి వేశారు, రిపోర్టులో 3.2 వచ్చింది. ఇంకా రెండు ఎందుకు వేయించుకోవాలి?

నైట్‌డ్యూటీ_43

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు. రెండు నెలల క్రితం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేరాను. చేరిన వారంలోనే హెపటైటిస్-బి ఇంజెక్షన్ వేశారు. ఇంకో రెండు ఉన్నాయట, ఒకటి నెలకి, ఒకటి ఆరు నెలలకి.

నాకు మొదటి నుంచీ ఈ టీకాల మీద అనుమానమే. దాచుకోవడం ఎందుకు. అందుకని మూడు వారాలయ్యాక నా సొంత డబ్బుతో బయట ల్యాబ్‌లో యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేయించాను. 3.2 వచ్చింది. పక్కనే "10 కంటే తక్కువైతే రక్షణ లేదు" అని ఉంది. అంటే మందు పనిచేయలేదనేగా? పనిచేయని మందు ఇంకో రెండుసార్లు ఎందుకు? పైగా రోగాన్నే ఒంట్లోకి ఎక్కించి, దాన్ని రక్షణ అంటారు. మా నాయనమ్మ ఒక్క సూది లేకుండా 90 ఏళ్ళు బతికింది. తెలిసినవాళ్ళు చెప్పండి. తిట్టేవాళ్ళు వద్దు.

పొలంగట్టు

అన్నా, కామెర్లకి ఇంజెక్షన్ దేనికి? మా ఊళ్ళో పసరు పోస్తారు. మూడు రోజులు ఉప్పు, నూనె మానేసి పత్యం ఉంటే నెలలో తగ్గిపోద్ది. నాకూ, మా తమ్ముడికీ తగ్గింది. కావాలంటే అడ్రస్ ఇస్తా.

సిస్టరమ్మ_వార్డు

పొలంగట్టు గారూ, మీ ఇద్దరికీ వచ్చింది బహుశా నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ గానీ ఇ గానీ అయి ఉంటుంది. అవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది. ఈయన అడుగుతున్నది బి గురించి. అది రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకి, కలయిక ద్వారా వచ్చేది. కొందరిలో జన్మంతా లివర్‌లోనే ఉండిపోతుంది.

నైట్‌డ్యూటీ గారూ, మీ పని వాళ్ళకి ఇది ఎందుకు వేస్తారో ముందు చెప్తాను. రక్తం ఎండి మరకైపోయినా అందులో ఈ వైరస్ ఏడు రోజుల దాకా బతికి ఉంటుంది. చెత్త సంచిలో ఎవరో మూత పెట్టకుండా పడేసిన సూది గుచ్చుకుంటుంది. అది ఈ వైరస్ ఉన్న మనిషికి వాడిన సూది అయితే, టీకా లేనివాళ్ళలో నూటికి 6 నుంచి 30 మందికి సోకుతుంది. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి ముగ్గురు. మా వార్డులో అందరూ హెచ్‌ఐవీకే భయపడతారు, దీన్ని పట్టించుకోరు.

ఇంకోటి, మూడు వారాలకి ఆ పరీక్ష చేయించమని ఎవరు చెప్పారు? అది చివరి డోసు అయిన నెల, రెండు నెలల మధ్య చేయించుకోవాల్సింది. మీ డబ్బు వృథా.

నైట్‌డ్యూటీ_43

ఎవరూ చెప్పలేదు సిస్టర్, నేనే వెళ్ళాను. సరే, వృథానే అనుకుందాం. కానీ మూడు వారాల్లో ఏమీ చేయలేని మందు ఆరు నెలలకి ఎలా చేస్తుంది? అది ఎవరూ చెప్పరు. "వేయించుకోండి" అని మాత్రం అందరూ చెప్తారు.

ఫిట్‌నెస్_మామ

బ్రదర్, సింపుల్. యాంటీబాడీలు అంటే సైనికులు. మొదటి డోసుకి కొంతమంది, రెండోదానికి ఎక్కువమంది, మూడోదానికి ఫుల్ బెటాలియన్. ఆ సంఖ్య తగ్గిపోతే రక్షణ పోయినట్టే. అందుకే నేను ఐదేళ్ళకోసారి టైటర్ చూసుకుని బూస్టర్ వేయించుకుంటాను. అయితే ఒకటి ఒప్పుకోవాలి, రోగం వచ్చి తగ్గితే వచ్చే రక్షణే అసలైనది. టీకా దానికి నకలు.

మైక్రో_టీచర్

ఈ థ్రెడ్‌కి ఆలస్యంగా వచ్చాను. ఇరవై ఏళ్ళుగా మైక్రోబయాలజీ చెప్తున్నాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి. నైట్‌డ్యూటీ గారి ప్రశ్న మంచిది. మామ గారి జవాబు సగం కరెక్ట్, మిగతా సగమే ఈయన్ని కంగారు పెడుతోంది.

ముందు "రోగాన్నే ఎక్కించడం" సంగతి. ఈ టీకాలో వైరస్ లేదు. చచ్చింది కూడా లేదు. వైరస్ పైతొడుగులో ఉండే ఒకే ఒక్క ప్రోటీన్ ఉంది. దాన్ని ఈస్ట్‌లో, అంటే పిండి పులియబెట్టే జాతి సూక్ష్మజీవిలో, తయారు చేయిస్తారు. 1981లో వచ్చిన మొదటి టీకాకి ఈ ప్రోటీన్‌ని వైరస్ ఉన్నవాళ్ళ రక్తం నుంచే తీసి శుద్ధి చేసేవాళ్ళు. అప్పుడైతే మీ భయానికి కొంత అర్థం ఉండేది. 1986లో ఈస్ట్ పద్ధతి వచ్చింది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వ్యాక్-బి కూడా ఆ పద్ధతిదే. ఈ తరహా టీకాల్లో మన దేశంలో తయారైనది అదే మొదటిది. పెద్దవాళ్ళకి ఒక డోసులో ఆ ప్రోటీన్ ఉండేది 20 మైక్రోగ్రాములు. వైరస్ కోటు ఉంది, లోపల మనిషి లేడు. అది మీ లివర్‌లోకి వెళ్ళి పిల్లలు పెట్టడం జరగని పని.

ఇక మూడు వారాల్లో జరిగింది ఏమిటి? కండలో మందు పడగానే అక్కడ కాపలా తిరిగే కణాలు ఆ ప్రోటీన్‌ని మింగి, దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్తాయి. చేతికి వేస్తే చంకలో ఉన్న గ్రంథికి. ఆ గ్రంథుల్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు లెక్కలేనన్ని ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో ఆకారాన్ని పట్టుకునేలా ముందే తయారై ఉంటుంది. మీరు ఈ వైరస్‌ని ఎప్పుడూ చూడకపోయినా, దానికి కాస్తో కూస్తో సరిపడే కణాలు మీలో కొన్ని ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ "కాస్తో కూస్తో" అన్నది గుర్తు పెట్టుకోండి. కథంతా అక్కడే ఉంది.

జాకెట్టు కుట్టించుకున్న ఆడవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొత్త టైలర్ మొదటిసారి కుట్టింది భుజం దగ్గర పట్టేస్తుంది, నడుం దగ్గర వదులు. ఇప్పుడు ఆ టైలర్ ఒక్కడు కాకుండా వందమంది అయ్యారనుకోండి. ఒక్కొక్కడూ కత్తెర కాస్త అటూ ఇటూ పెట్టి కత్తిరించాడు. పక్కన కటింగ్ మాస్టర్ నిలబడి, ఎవరిది బాగా అతికిందో వాడికే కూలి ఇస్తున్నాడు. మిగతావాళ్ళకి కూలీ లేదు, తిండీ లేదు. మర్నాడు మిగిలినవాళ్ళే మళ్ళీ వందమంది అవుతారు, మళ్ళీ కత్తిరిస్తారు. లింఫు గ్రంథిలో సరిగ్గా ఇదే నడుస్తుంది. బి కణం రెండుగా చీలినప్పుడల్లా, యాంటీబాడీకి సంబంధించిన జన్యువులో చిన్న చిన్న మార్పులు కావాలనే జరుగుతాయి. ఎక్కువ మార్పులు చెడ్డవే, ఆ కణాలు చచ్చిపోతాయి. ప్రోటీన్‌ని గట్టిగా పట్టుకోగలిగినవి టి కణం అనే మాస్టర్ ఆమోదంతో బతుకుతాయి. ఇదే శిక్షణ. ఎవరో వచ్చి పాఠం చెప్పడం కాదు, వేలమందిలో ఏరుకోవడం. అందుకే వారాలు, నెలలు పడుతుంది.

మీరు రక్తం ఇచ్చిన రోజుకి టైలర్లు ఇంకా తప్పు జాకెట్లు చింపుతూ ఉన్నారు. మీరు బీరువా తెరిచి, లోపల ఏమీ లేదు కాబట్టి కుట్టుపనే జరగట్లేదన్నారు.

నైట్‌డ్యూటీ_43

మేడమ్, పోలిక బావుంది. మా ఆవిడకి చదివి వినిపిస్తే నవ్వింది. కానీ రెండో, మూడో డోసు అవసరం ఇంకా తేలలేదు. ఒక్కసారి కొలతలు ఇస్తే కుట్టేవాడు కుడుతూనే ఉంటాడుగా?

మైక్రో_టీచర్

కుట్టడు. మాస్టర్ అతికిందో లేదో చూడాలంటే బొమ్మకి తొడగాలి కదా, ఆ బొమ్మ మీరు వేయించుకున్న ప్రోటీన్. కొన్నాళ్ళకి అది అయిపోతుంది, దుకాణం మూతపడుతుంది. వెళ్ళిపోయే ముందు బాగా కుట్టినవాళ్ళలో కొందరు ఎముక మూలుగలో స్థిరపడి జాకెట్లు కుడుతూనే ఉంటారు. మీ రిపోర్టులో కనిపించే సంఖ్య ప్రధానంగా వాళ్ళ చలవే. ఇంకొందరు కుట్టడం మానేసి, కటింగ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఒళ్ళంతా తిరుగుతుంటారు. వీళ్ళు జ్ఞాపక కణాలు.

రెండో డోసు వేసినప్పుడు పని మొదటి నుంచి మొదలవదు. ఆ కాగితాలు పట్టుకుని వస్తారు. నెలలు ఆగి మూడోది వేస్తే, అప్పటికి ఏరబడ్డ మంచి టైలర్లే ఎక్కువగా ముందుకొస్తారు కాబట్టి సంఖ్య ఒక్కసారిగా పైకి లేస్తుంది. మూడూ ఒకే నెలలో వేసేస్తే ఆ ఏరివేతకి టైమ్ ఉండదు. తొందరగా ప్రయాణాలు ఉన్నవాళ్ళకి 0, 7, 21 రోజుల పద్ధతి ఒకటి ఉంది గానీ, వాళ్ళకి ఏడాదికి నాలుగోది తప్పనిసరి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. మూడోది ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి వేయాల్సిన పని లేకపోవడానికీ కారణం ఇదే, కాగితాలు చెరిగిపోవు.

రక్తదాత_ఖమ్మం

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాది వేరే కథ. క్యాంపులో రక్తం ఇస్తే "మీకు హెపటైటిస్-బి పాజిటివ్" అని ఫోన్ వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు, ఇంట్లో చెప్పలేదు. తర్వాత గుర్తొచ్చింది, ఆరు రోజుల ముందే ఈ టీకా వేయించుకున్నా. అంటే టీకాతోనే రోగం వచ్చినట్టా? రెండు నెలల తర్వాత చేయిస్తే నెగెటివ్ వచ్చింది. ఈ టెన్షన్ నాకెందుకు?

సిస్టరమ్మ_వార్డు

అయ్యో బాబూ, రోగం కాదు. ఆ పరీక్ష వెతికేది వైరస్ కోటునే. టీకాలో ఉన్నదీ ఆ కోటే. వేసిన కొత్తలో అది రక్తంలో కాస్త తిరుగుతుంటే పరీక్షకి తేడా తెలియదు. 18 రోజుల దాకా ఇలా కనిపించవచ్చు. టీకా వేయించుకున్నారా అని క్యాంపులో అడిగి ఉండాల్సింది.

ఫిట్‌నెస్_మామ

మేడమ్, నా సగం తప్పు ఏదో చెప్పలేదు. సంఖ్య తగ్గితే రక్షణ తగ్గదా? మరి టీటీకి పదేళ్ళకోసారి బూస్టర్ ఎందుకు వేస్తారు?

మైక్రో_టీచర్

మీరు అడిగిన టీటీతోనే ఇది బాగా తేలుతుంది. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో పడ్డాక జబ్బు బయటపడటానికి రెండు నుంచి ఐదు నెలలు పడుతుంది. బీరువా ఖాళీగా ఉన్నా, జేబులో కాగితం ఉన్న టైలర్లు కొద్ది రోజుల్లోనే గుట్టలు గుట్టలు కుట్టిపడేస్తారు. వైరస్ ఇంకా చెప్పులు విప్పుకుంటూ ఉంటుంది. ధనుర్వాతంలో ఆ వ్యవధి లేదు. అక్కడ చంపేది క్రిమి కాదు, అది వదిలే విషం. అది నరాన్ని పట్టుకున్నాక ఎంత కుట్టినా లాభం లేదు. బీరువాలో ముందే ఉండాలి. అందుకే దానికి బూస్టర్.

మాటలు కాదు, రుజువు కావాలంటే అలాస్కా సంగతి చూడండి. అక్కడ 1981లో 15 ఊళ్ళలో ఈ టీకా వేసి, జనాన్ని దశాబ్దాల పాటు గమనించారు. 30 ఏళ్ళ తర్వాత చూస్తే దాదాపు సగం మందిలో సంఖ్య 10 కంటే కిందికి పడిపోయింది. వాళ్ళలో కొందరికి ఒక్క డోసు ఇస్తే, నెలలో ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి మళ్ళీ 10 దాటింది. బీరువా ఖాళీ, కాగితం పదిలం. ఆరోగ్యంగా ఉండి, మూడు డోసుల తర్వాత ఒకసారి 10 దాటినవాళ్ళకి ఐదేళ్ళకోసారి బూస్టర్ అక్కర్లేదు మామ గారూ. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ లెక్క వేరు.

ఇక "రోగం వచ్చి తగ్గితేనే అసలైనది". తట్టు లాంటి వాటిలో మీ మాటకి బలం ఉంది, వచ్చి తగ్గితే జన్మంతా రక్షణే, అయితే ఆ వచ్చి తగ్గేలోపు జరిగేదే సమస్య. ధనుర్వాతంలో అది పూర్తిగా తప్పు. మనిషిని చంపగల విషం మోతాదు ఎంత తక్కువంటే, అది శిక్షణకి కూడా చాలదు. బతికి బయటపడ్డవాళ్ళకి కూడా టీకా వేయాల్సిందే. హెపటైటిస్-బిలో వయసుని బట్టి మారుతుంది. పెద్దవాళ్ళకి సోకితే నూటికి 95 మందికి పైగా వదిలించుకుంటారు. పుట్టిన బిడ్డకి తల్లి నుంచి సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జన్మంతా ఉండిపోతుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల లోపే మొదటి డోసు.

నైట్‌డ్యూటీ_43

నాయనమ్మ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ☺ సరే, మిగతా రెండూ వేయించుకుంటాను. ఒప్పుకున్నానని కాదు, ఆరు నెలల తర్వాత సంఖ్య చూసి మాట్లాడదామని.

పొలంగట్టు

నాయనమ్మకి పసరు పోసి ఉంటారు అన్నా.

నైట్‌డ్యూటీ_43 (ఏడు నెలల తర్వాత)

థ్రెడ్ మళ్ళీ పైకి తెస్తున్నాను. మూడు డోసులూ పూర్తి. చివరిది వేశాక ఐదు వారాలకి, సిస్టర్ చెప్పినట్టే పరీక్ష చేయించాను. 7.9 వచ్చింది. ఇప్పుడేమంటారు? నేను ముందే అన్నాను.

ఫిట్‌నెస్_మామ

అదేంటి! నాకు 600 పైన వచ్చింది.

సిస్టరమ్మ_వార్డు

కంగారు పడకండి. రెండు ప్రశ్నలు. ఇంజెక్షన్లు ఎక్కడ వేశారు? సిగరెట్ అలవాటు ఉందా?

నైట్‌డ్యూటీ_43

మొదటి రెండూ నడుం కింద, వెనక. మూడోది చేతికి. సిగరెట్లు రోజుకి పది, డ్యూటీ రోజు ఇంకో నాలుగు.

సిస్టరమ్మ_వార్డు

ఇదీ సంగతి. ఈ టీకా పెద్దవాళ్ళకి భుజం కండకే వేయాలి. వెనక వేస్తే సూది చాలాసార్లు కండ దాకా వెళ్ళదు, కొవ్వులో పడుతుంది. మన వాళ్ళకి ఇంజెక్షన్ అంటే వెనకే అని అలవాటైపోయింది, వేసేవాళ్ళకీ, వేయించుకునేవాళ్ళకీ.

ఇంకోటి కూడా అడగండి, సీసా ఎక్కడ పెట్టారని. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. నేను చేసిన ఒక చోట ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో, ఐస్ ట్రేకి ఆనించి పెట్టేవాళ్ళు. ఒకసారి అలా పెట్టిన సీసానీ, మంచి సీసానీ పక్కపక్కన ఊపి బల్ల మీద పెట్టాను. మంచిది పాలలాగా తెల్లగా అలాగే ఉంది. గడ్డ కట్టి కరిగినదాంట్లో పలుకులు చకచకా అడుక్కి దిగిపోయి, పైన నీళ్ళు తేరుకున్నాయి. అలాంటిది వేసినా వేయనట్టే.

మైక్రో_టీచర్

సిస్టర్ చెప్పింది నిజం. కొవ్వులో మందు పడితే ప్రోటీన్‌ని మోసుకెళ్ళే కణాలు అక్కడ తక్కువ. కొలతలు దుకాణానికి సరిగ్గా చేరవు. వెనక వేసిన డోసుల్ని లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ వేయమనే అమెరికా మార్గదర్శకాలు కూడా చెప్తాయి.

అయితే నిజాయితీగా చెప్పాలి. తప్పంతా ఆ రెండు ఇంజెక్షన్లదే అని నేను తేల్చలేను. సరిగ్గా వేసినా, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో నూటికి ఐదు నుంచి పదిమందికి 10 దాటదు. నలభై దాటడం, సిగరెట్, బరువు, మగవాడు కావడం, ఇవన్నీ కాస్త కాస్త వెనక్కి లాగుతాయి. మీకు కనీసం మూడు ఉన్నాయి. కటింగ్ మాస్టర్‌కి ఇచ్చే గుర్తు అందరిలో ఒకేలా ఉండదు, వంశాన్ని బట్టి కొంత మారుతుంది, అది కూడా ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు చేయాల్సింది, ముందు వైరస్ మీలో ఇప్పటికే ఉందేమో హెచ్‌బీఎస్ఏజీ పరీక్షతో చూసుకోవడం. పాత ఇన్ఫెక్షన్ దాగి ఉన్నవాళ్ళకి టీకా సంఖ్య ఎన్నటికీ పెరగదు. అది టీకా వేసే ముందే చూసి ఉంటే బాగుండేది. నెగెటివ్ అయితే మళ్ళీ మూడు డోసులు, ఈసారి చేతికి. స్పందించని వాళ్ళలో అదనంగా ఒక్క డోసుకే పావు వంతు నుంచి సగం మంది దాకా 10 దాటుతారు. మూడూ అయ్యేసరికి ఇంకా ఎక్కువ. దాటకపోతే దాటలేదని తెలుసుకోవడమూ అవసరమే. అప్పుడు సూది గుచ్చుకున్న రోజే, తయారు యాంటీబాడీల ఇంజెక్షన్ వేయించుకోవాలి. అది ఇంకొకరు కుట్టిన జాకెట్టు. కొన్ని నెలలు కాపాడి అరిగిపోతుంది, మీకు కుట్టడం నేర్పదు.

రక్తదాత_ఖమ్మం

7.9 అంటే సున్నా కాదుగా మేడమ్? జేబులో కాగితం ఉండే ఉంటది.

మైక్రో_టీచర్

ఉండవచ్చు. కానీ అలాస్కా జనం ఒకప్పుడు 10 దాటి తర్వాత తగ్గినవాళ్ళు. ఈయన ఇంకా దాటనే లేదు. రెండూ ఒకటి కాదు. దాటని వాళ్ళకి ఆ భరోసా నేను ఇవ్వను.

నైట్‌డ్యూటీ_43

హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్ వచ్చింది. నిన్న నాలుగో డోసుకి వెళ్ళాను. కొత్తమ్మాయి సిరంజి పట్టుకుని "తిరగండి అంకుల్" అంది. తిరగను, చేతికే వేయమ్మా అని చొక్కా చేయి పైకి మడిచాను. వేసే ముందు సీసా కూడా చూపించమన్నాను. ఊపి చూశాను, పాలలాగే ఉంది. ఇవాళ భుజం నొప్పిగా ఉంది, చంకలో చిన్న బఠాణీ అంత తగులుతోంది. దుకాణం తెరిచినట్టున్నారు. సిగరెట్లు ఆరుకి వచ్చాయి. రిపోర్టు వచ్చాక పెడతాను, ఎంత వచ్చినా.